లండన్‌లో దౌత్యాధికారి ఇంట్లో పని చేసిన పిన్నికి జీతం ఇవ్వలేదు: ఎక్కడైనా కేసు వేయొచ్చా?

శైలజ, కడప

అందరికీ నమస్కారం. మా పిన్ని కోసం అడుగుతున్నాను. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. ఖద్దామా వీసా మీద గల్ఫ్ వెళ్లి ఒకే ఇంట్లో చాలాకాలం చేసింది. అక్కడ జీతం లేటయినా చేతికి వచ్చేది. తర్వాత ఆ ఇంటాయనకు లండన్‌లో వాళ్ల దేశపు ఎంబసీకి పోస్టింగ్ వచ్చింది. పిన్నిని కూడా తీసుకుపోయారు. వీసా కోసం రాసిన కాంట్రాక్టులో జీతం పౌండ్లలో ఉందట, కాపీ మాత్రం మా దగ్గర లేదు. మొదట్లో మూడు నెలలు డబ్బు పంపింది. ఆ తర్వాత ఏడాదికి పైగా ఏమీ రాలేదు. అడిగితే "నీ డబ్బు నా దగ్గరే ఉంది, ఊరికి పోయేటప్పుడు మొత్తం ఇస్తా" అనేవాడంట. చివరికి టికెట్ చేతిలో పెట్టి పంపించేశారు. డబ్బు ఇవ్వలేదు.

ఇక్కడ ఒక వకీలును కలిశాం. "ఎంబసీ వాళ్ల మీద ప్రపంచంలో ఏ కోర్టులోనూ కేసు నిలబడదు, వదిలేయండి" అన్నాడు. నిజంగా అంతేనా? కడప కోర్టులో గానీ లండన్‌లో గానీ దారి ఉంటే చెప్పండి.

మహేష్, నంద్యాల

శైలజగారూ, నేను గ్రూప్స్‌కి చదువుతున్నాను, ఈ టాపిక్ ఈ మధ్యే చదివాను. వకీలు చెప్పింది కరెక్టే. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం ఎంబసీ ఉన్న స్థలం ఆ దేశపు గడ్డ కిందే లెక్క. అక్కడ పని చేసే అందరికీ, డ్రైవర్ దాకా, పూర్తి రక్షణ ఉంటుంది. 1984 ఏప్రిల్ 17న లండన్‌లో లిబియా ఎంబసీ కిటికీలోంచి తుపాకీ పేల్చారు, ఇవాన్ ఫ్లెచర్ అనే పోలీసు ఉద్యోగిని చనిపోయింది. బ్రిటన్ పోలీసులు 11 రోజులు బిల్డింగును చుట్టుముట్టారు గానీ లోపలికి పోలేకపోయారు. చివరికి లోపలున్న వాళ్లందరినీ దేశం దాటించారు. హత్య కేసుకే దిక్కులేనప్పుడు జీతం బాకీ ఎలా వసూలవుతుంది?

వసుంధర, అనంతపురం

శైలజా, ఆశ వదులుకోకండి. నేను చాలా ఏళ్లు లా కాలేజీలో అంతర్జాతీయ న్యాయం చెప్పాను. మీ పిన్ని లాంటి వాళ్ల కేసులు బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయాయి, వాటిలో రెండు మీకు నేరుగా పనికొస్తాయి. ముందు మహేష్ చెప్పినదాన్ని కాస్త సరిచేయాలి. ఎందుకంటే మీ వకీలు గారు కూడా ఆ నమ్మకంతోనే మాట్లాడినట్టుంది.

ఎంబసీ స్థలం పరాయి గడ్డ కాదు. లండన్‌లోని ఎంబసీ ఇంగ్లండ్ నేల మీదే ఉంది, ఇంగ్లండ్ చట్టమే అక్కడా వర్తిస్తుంది. కాకపోతే ఆ ఎంబసీ అధిపతి అనుమతి లేకుండా పోలీసులు లోపల అడుగు పెట్టకూడదు. 1984లో జరిగింది అదే. అలాగే ఎంబసీలో అందరికీ ఒకే రక్షణ ఉండదు. అంబాసిడర్, కౌన్సెలర్, సెక్రటరీల వంటి దౌత్య హోదా ఉన్న వాళ్లకు క్రిమినల్ కేసుల్లో పూర్తి రక్షణ, సివిల్ కేసుల్లో మూడు మినహాయింపులు తప్ప మిగతా అంతా రక్షణ. అకౌంటెంట్లు, టెక్నికల్ సిబ్బందికి క్రిమినల్ రక్షణ ఉంటుంది గానీ, సివిల్ విషయాల్లో డ్యూటీలో భాగంగా చేసిన పనులకే రక్షణ. సొంత ఇంటికి పనిమనిషిని పెట్టుకోవడం డ్యూటీ కిందికి రాదు.

అందుకే అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఆయన హోదా. బ్రిటన్ విదేశాంగ శాఖ లండన్ డిప్లొమాటిక్ లిస్ట్ అని ఒక జాబితా ప్రచురిస్తుంది, దౌత్య హోదా ఉన్నవాళ్ల పేర్లు దేశాలవారీగా అందులో ఉంటాయి. ఆయన పేరు అందులో ఉందో లేదో చూడండి. కోర్టులో ఈ విషయం మీద వాదన వస్తే విదేశాంగ శాఖ ఒక సర్టిఫికెట్ ఇస్తుంది, ఆయన హోదా గురించి అందులో రాసిన వాస్తవాలనే కోర్టు అంతిమంగా తీసుకుంటుంది.

ఇంకో మూడు సంగతులు చెప్పండి. కాంట్రాక్టులో యజమాని ఎవరు, ఆయనా, ఎంబసీయా? ఆయన ఇంకా లండన్‌లోనే ఉన్నాడా? పిన్నికి బయటికి వెళ్లే స్వేచ్ఛ, పాస్‌పోర్టు, ఫోన్ తన చేతిలో ఉన్నాయా?

రమణ, బేతంచెర్ల

మేడం, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, నాదీ ఇలాంటిదే. మాది పాలిష్ బండల ఫ్యాక్టరీ. ఢిల్లీలో ఒక ఎంబసీ అధికారుల నివాసాలకు ఫ్లోరింగ్ రాయి పంపాం. బిల్లు సగం ఆగిపోయింది. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే "ఎంబసీ నాకివ్వలేదు, వాళ్ల మీద కేసు వేయలేం, నువ్వూ నేనూ ఇద్దరం మునిగాం" అంటున్నాడు. నా పరిస్థితి ఏంటి?

వసుంధర, అనంతపురం

రమణగారూ, ఆర్డరు ఎవరి పేరు మీద వచ్చింది? ఇన్వాయిస్ ఎవరికి కొట్టారు? కాంట్రాక్టరుకే అయితే ఎంబసీ మీ లావాదేవీలో లేనట్టే. కాంట్రాక్టరు మామూలు మనిషి, ఆయనకు ఏ రక్షణా లేదు. ఎంబసీ ఇవ్వలేదనే సాకు మీకు సంబంధం లేదు. సరుకు అందించిన తేదీ నుంచి మామూలుగా మూడేళ్ల గడువు, అది దాటకముందే దావా వేయండి.

ఒకవేళ ఎంబసీయే నేరుగా ఆర్డరు ఇచ్చి ఉంటే లెక్క మారుతుంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం విదేశీ రాజ్యం మీద మన కోర్టులో దావా వేయాలంటే ముందు కేంద్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి కావాలి. మీ కాంట్రాక్టరు లాంటి మనిషే ఒకాయన ఈ దారిలో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఢిల్లీలో అల్జీరియా ఎంబసీకి, అంబాసిడర్ నివాసానికి మరమ్మతులు చేశాడు, బిల్లు రాలేదు. విదేశాంగ శాఖను అనుమతి అడిగితే రాజకీయ కారణాల మీద నిరాకరించారు. 1986లో సుప్రీంకోర్టు, ఇది రాజ్యం నడిపే పని కాదు, డబ్బిచ్చి చేయించుకున్న రిపేరు పని, ఇలాంటి దాంట్లో కారణం చెప్పకుండా తలుపు మూసేయకూడదు, అర్జీదారు మాట విని నిర్ణయించండి అని తిప్పి పంపింది. అనుమతి వచ్చి డిక్రీ గెలిచినా, ఆ రాజ్యపు ఆస్తిని జప్తు చేయడానికి కేంద్రం అనుమతి మళ్లీ వేరుగా కావాలి. చాలామంది అలసిపోయేది అక్కడే.

శైలజ, కడప

మేడం, పిన్నిని అడిగి రాస్తున్నాను. కాంట్రాక్టులో ఆయన సంతకమే ఉందంట, ఎంబసీ ముద్ర ఉందో లేదో గుర్తులేదు. పాస్‌పోర్టు మొదటి రోజే తీసుకున్నాడు, ఎయిర్‌పోర్టులో తిరిగి ఇచ్చాడు. ఫోన్ ఉండేది, రాత్రి పిల్లలు పడుకున్నాక మాతో మాట్లాడేది. పిల్లలను పార్కుకు తీసుకుపోయేది. ఒంటరిగా బయటికి పోనిచ్చేవాళ్లు కాదు, సెలవు లేదు. పొద్దున పిల్లలను స్కూలుకు తయారు చేయడం దగ్గర మొదలైతే రాత్రి గెస్టులు పోయి గిన్నెలు తోమే దాకా పని. కొట్టలేదు. తిండి పెట్టారు. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలీదు.

బాషా, ప్రొద్దుటూరు

నేను గల్ఫ్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చాను. మా వీధిలో ప్రతి రెండో ఇంటి నుంచి ఒకరు పోయినోళ్లే. ఈ తల్లి చెప్పేది వింటుంటే రక్తం మరుగుతోంది. అక్కడ మనల్ని పనిలో పెట్టుకున్న కఫీల్ మీద లేబర్ ఆఫీసులో కంప్లైంట్ అయినా ఇవ్వొచ్చు, కానీ అదే కఫీల్ లండన్ పోయి దౌత్యాధికారి అయితే ఎవరూ ముట్టుకోకూడదా? 2015లో గుర్గావ్‌లో ఒక సౌదీ దౌత్యాధికారి ఫ్లాట్ నుంచి ఇద్దరు నేపాలీ ఆడవాళ్లను పోలీసులు విడిపించారు. అత్యాచారం కేసు పెట్టారు. ఆరోపణలు అబద్ధమని ఎంబసీ అంది, ఆయన దేశం దాటి పోయాడు, విచారణే జరగలేదు. వసుంధరమ్మా, ఇట్లాంటి చట్టం ఎవరి కోసం రాసుకున్నారు? మీరు చదువు చెప్పినవారు, ఒక్క మంచి కారణం చెప్పండి.

వసుంధర, అనంతపురం

బాషాగారూ, మీ కోపం న్యాయమైనది. కారణం అడిగారు కాబట్టి, అప్పు సంగతితోనే మొదలుపెడతాను.

1708లో లండన్‌లో రష్యా రాయబారి మత్వేయెవ్ బండిలో పోతుంటే, అప్పులవాళ్లు పంపిన అమీనాలు ఆపి ఆయన్ని బండి లోంచి లాగి పట్టుకుపోయారు. ఆయన బాకీ నిజమే. కానీ జార్ పీటర్ మండిపడి, పట్టుకున్న వాళ్లకు మరణశిక్ష వేయాలన్నాడు. ఇంగ్లండ్ అంత పని చేయలేదు గానీ క్షమాపణ చెప్పింది, రాయబారుల మీద ఇలాంటి అరెస్టులు చెల్లవని పార్లమెంటులో చట్టం కూడా చేసింది. ఇంగ్లండ్ భయం ఏంటంటే, రేపు మాస్కోలో ఉన్న తమ రాయబారిని ఏదో బాకీ పేరు చెప్పి లోపలేస్తే అడ్డు చెప్పే నోరు తమకు ఉండదు.

రెండు దేశాలు కొట్లాటకు సిద్ధంగా ఉన్నప్పుడే మాట్లాడే మనిషి ఎక్కువ అవసరం. సరిగ్గా అప్పుడే ఆ మనిషి మీద ఏదో ఒక కేసు పుట్టించడం తేలిక. 1979 నవంబర్‌లో టెహ్రాన్‌లో అమెరికా ఎంబసీ మీద పడి సిబ్బందిని బందీలు చేశారు, 52 మంది 444 రోజులు ఉన్నారు. అమెరికా వాళ్లు గూఢచర్యం చేశారని ఇరాన్ వాదించింది. 1980లో అంతర్జాతీయ న్యాయస్థానం, అనుమానం ఉంటే ఆ మనిషిని మా దేశంలో ఉండొద్దని వెనక్కి పంపే హక్కు మీకుంది, అంతకు మించి బందీ చేసే హక్కు లేదు అని తేల్చింది. తప్పుకు మందు ఏంటంటే, పంపిన దేశం రక్షణను వదులుకోవడం, లేదా ఉన్న దేశం అతన్ని పంపేయడం, లేదా అతని సొంత దేశపు కోర్టు విచారించడం. అతను చట్టానికి అతీతుడు కాదు. అతను పని చేసే ఆ ఒక్క దేశపు కోర్టుకు మాత్రం అతన్ని పిలిచే వీలు లేదు, అంతే.

వియన్నా ఒప్పందం ముందుమాటలోనే రాశారు, ఇది మనుషుల లాభానికి కాదు, వాళ్ల దేశం తరఫున పని సాగడానికి అని. అందువల్లే రక్షణ ఆ అధికారిది కాదు, దేశానిది. దాన్ని వదులుకునే అధికారం కూడా దేశానిదే.

మీ బాధలో నాకు అంగీకారం ఎక్కడంటే, ఈ కారణాలు ఏవీ ఇంటిపని చేసిన మనిషి జీతాన్ని ఎగ్గొట్టడానికి సరిపోవు. ఆ జీతం ఇస్తే ఏ దేశపు దౌత్యమూ ఆగదు. ఇంగ్లండ్ జడ్జిలు పట్టుకున్న పోగు కూడా అదే, అది తర్వాత రాస్తాను.

రాజశేఖర్, కర్నూలు

ఇంత చర్చ అవసరమా? ప్రభుత్వం మీద దావా చెల్లదనే సావరిన్ ఇమ్యూనిటీని మన సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసింది. అది కూడా అప్పటి మన జిల్లా కేసే. కోయిలకుంట్ల సబ్ జైలులో 1977లో రాత్రిపూట బాంబులు వేసి ఒక విచారణ ఖైదీని చంపారు. రక్షణ కోరినా పోలీసులు పట్టించుకోలేదని కొడుకు దావా వేశాడు. ప్రభుత్వం సావరిన్ ఇమ్యూనిటీ అంటే హైకోర్టు ఒప్పుకోలేదు, 2000లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. పరిహారం కట్టించారు. కాబట్టి ఆ ఎంబసీ మీద కడపలోనే వేయండి.

వసుంధర, అనంతపురం

రాజశేఖర్‌గారూ, మంచి కేసు గుర్తు చేశారు, మన ప్రాంతం వాళ్లు తెలుసుకోవాల్సిందే. కానీ అక్కడ మన పౌరుడు, మన ప్రభుత్వం, మన కోర్టు. ప్రభుత్వం తన పౌరుడికి జవాబు చెప్పాలా అనేది ఆ ప్రశ్న. ఇక్కడ ప్రశ్న, ఒక దేశం ఇంకో దేశపు కోర్టు బోనులో నిలబడాలా అని. సమాన హోదా ఉన్న రెండు రాజ్యాల్లో ఒకటి మరోదాని మీద తీర్పు చెప్పకూడదనేది పాత సూత్రం. రాజ్యాలే ఓడలు నడిపి, విమానాలు నడిపి, వ్యాపారం చేయడం మొదలుపెట్టాక ఆ సూత్రాన్ని చాలా దేశాలు కుదించాయి. రాజ్యం చేసే పనికి రక్షణ, వ్యాపారికి కాదు. అమెరికా 1976లో, బ్రిటన్ 1978లో చట్టాలు చేశాయి. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు, 86వ సెక్షనే నడుస్తోంది. అయినా 2011లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కేసులో మన సుప్రీంకోర్టు, సరుకు రవాణా ఒప్పుకుని ఆలస్యం చేసిన విమాన సంస్థ వినియోగదారుల ఫోరంలో ఆ సెక్షన్ చాటున దాక్కోవడానికి వీల్లేదని చెప్పింది.

కడపలో వేయడం గురించి శైలజ కూడా అడిగింది. ఆశ్చర్యంగా ఉండొచ్చు గానీ, కడప కోర్టులో ఆయనకు దౌత్య రక్షణే లేదు. ఆయన్ని పంపింది బ్రిటన్‌కు. దౌత్య రక్షణ ఆయన్ని అంగీకరించిన దేశంలో, దారిలో దాటిపోయే దేశాల్లో ఉంటుంది, భూమండలమంతా కాదు. కాబట్టి మీ వకీలుగారి "ఏ కోర్టులోనూ" అన్న మాట ఇక్కడ నిలవదు. కడపలో అడ్డు వేరే ఉంది. ప్రతివాది ఇక్కడ ఉండడు, కాంట్రాక్టు ఇక్కడ జరగలేదు, పని ఇక్కడ జరగలేదు, ఆస్తి ఇక్కడ లేదు. కోర్టు పరిధే కుదరదు, కుదిరినా ఆ కాగితంతో ఏం జప్తు చేస్తారు?

శైలజ, కడప

అర్థమైంది మేడం. అయితే లండన్ సంగతి చెప్పండి. పిన్ని పక్కనే కూర్చుని ఉంది, చదివి వినిపిస్తున్నాను.

వసుంధర, అనంతపురం

సరే, పిన్నిగారికి వినిపించండి, వీలైనంత నిదానంగా రాస్తాను.

లండన్‌లో ఒక ఫిలిప్పీన్స్ మహిళ ఒక సౌదీ దౌత్యాధికారి ఇంట్లో చేసింది. ఆమెను కూడా ముందు సౌదీలో పెట్టుకుని 2016లో లండన్ తీసుకొచ్చారు. ఆమె ఫిర్యాదులో చెప్పింది ఇది: చెత్త బయట పెట్టడానికి తప్ప గడప దాటనివ్వలేదు. ఇంటికి ఫోన్ చేసుకోవడం ఏడాదికి రెండుసార్లు, అదీ యజమాని ఫోన్లో. పొద్దున 7 నుంచి రాత్రి పదకొండున్నర దాకా పని. ఎప్పుడు పిలిచినా పలకడానికి ఒంటి మీద కాలింగ్ బెల్ వేసుకుని తిరగాలి. మొదటి ఏడు నెలలు జీతమే లేదు, తర్వాత ఒక్కసారి కొంత ఇచ్చి మళ్లీ ఆపేశారు. 2018లో తప్పించుకుంది.

ఆయన లాయర్లు, ఇవన్నీ నిజమే అనుకున్నా మా క్లయింటు దౌత్యాధికారి, కేసు కొట్టేయండి అన్నారు. సివిల్ కేసుల్లో రక్షణకు నేను ముందు చెప్పిన మూడు మినహాయింపుల్లో ఒకటి, అధికారిక విధులకు బయట చేసే వృత్తి లేదా వ్యాపారం. ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడం వ్యాపారమా? 1996లో అమెరికాలో ఒక అప్పీలు కోర్టు కాదంది, దౌత్యాధికారి రోజువారీ బతుకులో అది భాగమే అంది. 2022 జులై 6న బ్రిటన్ సుప్రీంకోర్టు వేరేగా చెప్పింది. మామూలుగా జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడం వ్యాపారం కాదు, అది నిజం. కానీ ఒక మనిషిని బయటికి పోలేని స్థితిలో ఉంచి, ఆమె శ్రమను డబ్బివ్వకుండా పిండుకుని ఆ మేరకు లాభపడటం రోజువారీ బతుకు కాదు, అది లాభం కోసం చేసే దోపిడీ, వ్యాపార మినహాయింపు కిందికి వస్తుంది. అయిదుగురు జడ్జిల్లో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు.

రెండో కేసు 2017 అక్టోబర్ 18న వచ్చింది. అక్కడా సౌదీ దౌత్యాధికారే, కేసు నడుస్తుండగానే పోస్టింగ్ ముగిసి బ్రిటన్ వదిలి వెళ్లాడు. పదవి ముగిసి దేశం వదిలాక దౌత్యాధికారికి మిగిలేది అధికారిక విధుల్లో భాగంగా చేసిన పనులకు రక్షణ మాత్రమే. పనిమనిషిని పెట్టుకోవడం అధికారిక విధి కాదు కాబట్టి రక్షణ పోయింది, కేసు నడవొచ్చు అన్నారు. నోటీసు ఆయన ఇంటికి పోస్టులో పంపడం కూడా చెల్లుతుందని ఆ కేసులోనే తేలింది.

మూడోది కూడా అదే రోజు వచ్చింది. సూడాన్, లిబియా ఎంబసీల్లో వంట, ఇంటిపని చేసిన ఇద్దరు మహిళలది. అక్కడ యజమాని దేశమే. వంటపని రాజ్యం నడపడం కాదు, ఆ ఉద్యోగాల మీద రక్షణ చెల్లదు అంది కోర్టు. పిన్నిగారి కాంట్రాక్టులో ఎంబసీ యజమాని అని తేలితే ఈ తీర్పు దారి చూపుతుంది.

శ్రీనివాసులు, కడప కోర్టు

మేడం, నేనూ వకీలునే, శైలజగారు కలిసిన వకీలును నేను కాదు. ఒక సందేహం. ఈమెకు ఫోన్ ఉంది. పార్కుకు వెళ్లేది. కొట్టలేదు, తిండి పెట్టారు, టికెట్ కొనిచ్చి పంపారు. 2022 తీర్పులో మనిషి బందీ. ఇక్కడ అవతలి లాయరు "ఇది జీతం బాకీ, దోపిడీ కాదు" అంటాడు. బాకీ అయితే రక్షణ తిరిగి వచ్చేస్తుంది. పైగా అది ఇద్దరు జడ్జిలు వద్దన్న తీర్పు. ఆమెకు ఎక్కువ ఆశ పెట్టకండి.

వసుంధర, అనంతపురం

శ్రీనివాసులుగారూ, గీత సరిగ్గా అక్కడే ఉంది. ఒప్పుకుంటాను. ఒంటరిగా బయటికి పోనివ్వకపోవడం, పాస్‌పోర్టు, సెలవు లేకపోవడం, ఏడాదికి పైగా జీతం పట్టి ఉంచడం, ఇవన్నీ కలిపితే మెజారిటీ జడ్జిలు చూసిన చిత్రానికి దగ్గరగానే ఉన్నాయని నా అభిప్రాయం. జీతం పట్టి ఉంచడమే మనిషి కదలకుండా కట్టే తాడు, వదిలిపోతే ఆ డబ్బు పోతుందన్న భయంతో ఆమె ఉండిపోయింది. కానీ జడ్జి అలాగే చూస్తారని నేను హామీ ఇవ్వలేను.

అందుకే నా ఆశ ఎక్కువగా రెండో కేసు మీద. పోస్టింగులు మారిపోతుంటాయి. ఆయన లండన్ వదిలి ఉంటే, దోపిడీనా బాకీనా అన్న వాదనతో పనే లేదు. మామూలు జీతం కేసుగా నడుస్తుంది.

బాషా, ప్రొద్దుటూరు

అంటే ఆయన లండన్‌లో ఉన్నంతకాలం రక్షణ, పోయాక కేసు. పోయాక ఆయన దగ్గర లండన్‌లో ఏం ఉంటుంది? సొంత దేశంలో ఉంటాడు. తీర్పు పట్టుకుని ఎక్కడికి పోవాలి?

వసుంధర, అనంతపురం

బాషాగారూ, అసలు కష్టం మీరు పట్టుకున్నారు. ఉన్నంతకాలం ఆయన ఇల్లు, అందులోని వస్తువులు జప్తు చేయలేరు. తీర్పుకు ఒప్పుకున్న దేశం కూడా, అమలుకు వేరుగా ఒప్పుకోవాలి. ఎంబసీ ఖర్చుల బ్యాంకు ఖాతాను ముట్టుకోలేమని ఇంగ్లండ్ కోర్టులు 1984 నుంచే చెబుతున్నాయి. పోయాక ఆ తీర్పును ఆయన దేశపు కోర్టులో అమలు చేయించుకోవాలి, అది తేలికైన పని కాదు. అయినా కేసు ఊరికే పోదు. పత్రికల్లోకి వస్తే ఆ దేశానికి తలనొప్పి, బ్రిటన్ విదేశాంగ శాఖ ఆ ఎంబసీని అడుగుతుంది, చాలాసార్లు అక్కడే బేరం కుదురుతుంది.

రాజశేఖర్, కర్నూలు

వసుంధరమ్మా, మరి 2013లో న్యూయార్క్‌లో మన దౌత్యాధికారిని అరెస్టు చేశారు కదా, అదీ పనిమనిషి జీతం గొడవే. అప్పుడు రక్షణ ఎందుకు పని చేయలేదు?

వసుంధర, అనంతపురం

ఎందుకంటే దేవయాని ఖోబ్రగడే అప్పుడు కాన్సులేట్‌లో డిప్యూటీ కాన్సుల్ జనరల్. కాన్సులేట్ అధికారులకు 1963 నాటి వేరే ఒప్పందం, రక్షణ చాలా తక్కువ. అధికారిక పనులకే ఉంటుంది, తీవ్రమైన నేరమని కోర్టు ఆదేశం ఉంటే అరెస్టు కూడా చేయొచ్చు. వీసా కాగితాల్లో చూపిన జీతం ఒకటి, ఇచ్చింది చాలా తక్కువ అనేది అక్కడ ఆరోపణ. డిసెంబర్ 12న అరెస్టు చేశారు. మన ప్రభుత్వం ఆమెను ఐక్యరాజ్యసమితి మిషన్‌కు మార్చింది, 2014 జనవరి 8న పూర్తి దౌత్య హోదా వచ్చింది, మర్నాడు చార్జి వేశారు, ఆమె దేశం వదిలారు. చార్జి వేసిన రోజుకు ఆమెకు రక్షణ ఉందని మార్చి 12న జడ్జి కొట్టేశారు. రెండు రోజులకే మళ్లీ చార్జి వేశారు. ఈలోగా ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందు బారికేడ్లు తీసేశాం, వాళ్ల కాన్సులేట్ సిబ్బంది ఐడీ కార్డులు వెనక్కి అడిగాం. నువ్వు మా మనిషిని ఎలా చూస్తే నీ మనిషిని మేం అలా చూస్తాం అనేది ఎంత బలంగా నడుస్తుందో అక్కడ కనిపిస్తుంది.

నన్ను బాధపెట్టేది ఒకటి ఉంది. ఆ రోజుల్లో దేశమంతా ఆ అధికారి అవమానం గురించే మాట్లాడింది, జీతం సంగతి అడిగిన ఆమె గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆమె కూడా మన దేశపు మనిషే.

శైలజ, కడప

మేడం, పిన్ని ఒకటే అడుగుతోంది, ఇప్పుడు మేం మొదట ఏం చేయాలి?

వసుంధర, అనంతపురం

కాంట్రాక్టు కాపీ సంపాదించడం. వీసా కోసం దాన్ని బ్రిటన్ హోమ్ ఆఫీసుకు ఇచ్చి ఉంటారు. తన ఫైలు తనకు ఇమ్మని పిన్నిగారు అక్కడి డేటా చట్టం కింద ఇండియా నుంచే రాసి అడగొచ్చు. దాంతో యజమాని ఎవరు, జీతం ఎంత, రెండూ తేలతాయి. మొదటి మూడు నెలలు డబ్బు పంపిన రసీదులు బ్యాంకు నుంచి తీసుకోండి, ఆ తర్వాత ఆగిపోయినట్టు స్టేట్‌మెంట్ కూడా. ఊరికి పోయేటప్పుడు ఇస్తానన్న వాయిస్ మెసేజ్ ఏదైనా ఉంటే ఫోన్ మార్చొద్దు, అది బాకీ ఒప్పుకున్నట్టే.

లండన్‌లో కలయాన్ అని వలస వచ్చిన ఇంటిపని వాళ్ల కోసమే నడిచే సంస్థ ఉంది, వాళ్లకు రాయండి. తెలుగులో చెప్పింది మీరు ఇంగ్లీషులో పెట్టండి. అక్కడి ఉద్యోగుల ట్రిబ్యునల్‌కు గడువు చాలా తక్కువ, నెలల్లోనే అయిపోతుంది, పిన్నిగారిది దాటి ఉండొచ్చు, కారణం చూపి అడగాల్సి వస్తుంది. మామూలు సివిల్ కోర్టులో కాంట్రాక్టు బాకీకి ఆరేళ్లు ఉంది. ఆయన లండన్ వదిలేదాకా ఆగుదాం అనుకున్నా ఆ ఆరేళ్లు మాత్రం లెక్కలో పెట్టుకోండి.

శ్రీనివాసులు, కడప కోర్టు

ఒకటి కలుపుతాను. పిన్నిగారి గల్ఫ్ నివాస కార్డు అకామా, మొదటి కాంట్రాక్టు ఆయన పేరు మీదే ఉన్నాయి కదా. దౌత్య రక్షణ ఆయన సొంత దేశపు కోర్టులో పనికిరాదు. లండన్ జీతం మీద అక్కడి లేబర్ ఆఫీసు ఎంతవరకు తీసుకుంటుందో చూడాలి గానీ, మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టి, ఆ దేశంలోని మన ఎంబసీ ద్వారా అడిగించొచ్చు. శైలజగారూ, కాగితాలు తీసుకుని రండి, ఫీజు వద్దు, అఫిడవిట్ నేను రాసిస్తాను.

శైలజ, కడప

చాలా థాంక్స్ సర్. సోమవారం పిన్నిని తీసుకుని వస్తాను. మేడం, డిప్లొమాటిక్ లిస్ట్‌లో వెతికాను. ఆ దేశం పేజీలో ఆయన ఇంటిపేరుతో ఇద్దరున్నారు, పిన్నికి తెలిసిన మొదటి పేరు ఇద్దరిదీ కాదు. లిస్ట్‌లో లేడంటే లండన్ వదిలి పోయినట్టా, లేక మీరు చెప్పిన అకౌంటెంట్ల లాంటి సిబ్బంది అన్నట్టా?

వసుంధర, అనంతపురం

రెండింటిలో ఏదైనా కావొచ్చు, రెండూ మనకు మేలే. పిన్నిగారు అక్కడున్న కాలం నాటి పాత లిస్ట్ దొరుకుతుందేమో చూడండి. అందులో ఉండి ఇప్పుడు లేకపోతే వెళ్లిపోయి ఉండొచ్చు. అందులోనూ లేకపోతే మొదటినుంచీ దౌత్య హోదా లేకపోయి ఉండొచ్చు. దొరికిన పేజీ ఇక్కడ పెట్టొద్దు, నాకు, శ్రీనివాసులుగారికి విడిగా పంపండి.